ఏప్రిల్ 1న కరెంటు ఖర్చు మైనస్‌లో కనిపిస్తోంది, ఈ రివర్సల్ ఎంట్రీ నిజంగా అవసరమా?

మిల్లు_గుమాస్తా
మిర్యాలగూడలో ఒక చిన్న రైస్ మిల్లుకు లెక్కలు రాస్తున్నా. మా మీటర్ రీడింగ్ ప్రతి నెలా 25న తీస్తారు. అంటే మార్చి 26 నుంచి 31 వరకు వాడిన కరెంటు ఏప్రిల్ బిల్లులో వస్తుంది. ఆ ఆరు రోజులకు రోజుకు 6,000 చొప్పున 36,000 అని ఆడిటర్ గారు లెక్కగట్టి మార్చి 31న ఖర్చు రాయించారు. అంతవరకు అర్థమైంది. మళ్లీ అదే ఎంట్రీని ఏప్రిల్ 1న తిరగేసి వెయ్యమన్నారు. వేశా. నిన్న మా సేటు ఫోన్‌లో లెడ్జర్ తెరిచి చూసిండు, కరెంటు ఖర్చు ఖాతాలో 36,000 క్రెడిట్ ఉంది. "ఏందిరా, కరెంటోళ్లు మనకే పైసలు ఇచ్చిన్రా?" అని లొల్లి. వేసిన ఎంట్రీని మరుసటి రోజే తీసేసేదానికి మార్చిలో వెయ్యడం ఎందుకు? ఇన్సూరెన్స్‌కు కూడా ఇట్లనే చెయ్యమన్నారు. బిల్లు 1,86,000 వచ్చింది, ఇంకా ఎక్కించలేదు. ఎక్కించే ముందే అడుగుతున్నా.

కోదాడ_చలం
సేటు అడిగింది న్యాయమే. కరెంటోళ్లు పైసలిచ్చిన మిల్లు ఎక్కడుందో అడ్రస్ పెట్టండి, నేనూ మీటర్ పెట్టించుకుంటా.

దేవరకొండ_ట్రేడర్స్
రివర్స్ ఛార్జ్ అయితే మీరే టాక్స్ కట్టి ఇన్‌పుట్ తీసుకోవాలి. లారీ కిరాయిలకు మేం చేసేది అదే. కరెంటుకు రివర్స్ ఛార్జ్ ఎప్పటి నుంచి వచ్చింది?

మిల్లు_గుమాస్తా
@దేవరకొండ_ట్రేడర్స్ జీఎస్టీ కాదు అన్నా. మార్చి ఎంట్రీని ఏప్రిల్‌లో తిరగెయ్యడం గురించి.

జడ్చర్ల_రాజు
అవసరం లేదు. మా దగ్గర ఎన్నడూ వెయ్యలే. బిల్లు వచ్చినప్పుడు 36,000 పాత బాకీ ఖాతాలో, మిగతా 1,50,000 కరెంటు ఖర్చులో రాస్తాం. ఖతం. ఆడిటర్లకు ఎంట్రీలు పెంచడం ఒక సరదా.

ఆడిట్_అన్న_నల్గొండ
రాజు చెప్పిన పద్ధతి తప్పు కాదు. దాని సంగతికి తర్వాత వస్తా. ముందు సేటు గారికి ఎలా చెప్పాలో చూద్దాం.

మార్చి 31 రాత్రికి ఖర్చుల ఖాతాలన్నీ లాభనష్టాల్లోకి పోయి ఖాళీ అవుతాయి. ఏప్రిల్ 1న కరెంటు ఖర్చు సున్నాతో మొదలవుతుంది. కానీ "చెల్లించాల్సిన ఖర్చులు" అన్న ఖాతా బ్యాలెన్స్ షీట్‌లోది, దానికి ఖాళీ కావడం ఉండదు. 36,000 అలాగే కొత్త సంవత్సరంలోకి వస్తుంది. ఇప్పుడు మీ దగ్గరికి వచ్చే కాగితం ఒక్కటే, 1,86,000 బిల్లు. దాని మీద "ఇందులో 36,000 పోయిన సంవత్సరంలోనే రాశారు" అని ఎవరూ ముద్ర వెయ్యరు. ఎక్కించేవాడు మామూలుగా మొత్తం కరెంటు ఖర్చులోకే కొడతాడు. అప్పుడు పాత సంవత్సరంలో 36,000, కొత్త సంవత్సరంలో 1,86,000, మొత్తం 2,22,000 ఖర్చయినట్టు. వచ్చిన బిల్లు మాత్రం 1,86,000. అదే 36,000 రెండు సంవత్సరాల లాభాన్నీ తగ్గించింది.

రివర్సల్ వేస్తే ఇలా ఉంటుంది:

```
31-3  కరెంటు ఖర్చు            డెబిట్   36,000
      చెల్లించాల్సిన ఖర్చులు   క్రెడిట్  36,000

1-4   చెల్లించాల్సిన ఖర్చులు   డెబిట్   36,000
      కరెంటు ఖర్చు            క్రెడిట్  36,000

బిల్లు  కరెంటు ఖర్చు           డెబిట్ 1,86,000
      కరెంటు సంస్థ            క్రెడిట్ 1,86,000

కొత్త సంవత్సరం ఖర్చు: 1,86,000 - 36,000 = 1,50,000
```

ఏప్రిల్ 1 నుంచి 25 వరకు 25 రోజులు, రోజుకు 6,000. లక్షా యాభై వేలు. సరిగ్గా కొత్త సంవత్సరానికి రావాల్సినంతే వచ్చింది. ఆ మైనస్ 36,000 రాబోయే బిల్లులో పాత సంవత్సరం వాటాను కొట్టేయడానికి ముందే వచ్చి కూర్చుంది. బిల్లు ఎక్కగానే మాయమవుతుంది. మార్చి ఎంట్రీ ఎక్కడికీ పోలేదు, ఆ సంవత్సరం లెక్కల్లో అలాగే ఉంది.

మిల్లు_గుమాస్తా
అంటే బిల్లు మొత్తం 1,86,000 కళ్లు మూసుకుని కరెంటు ఖర్చులోకి కొట్టొచ్చా?

ఆడిట్_అన్న_నల్గొండ
అవును, ఈ పద్ధతి పెట్టింది అందుకే. బిల్లు ఎక్కించే పిల్లగాడికి మార్చి కథ తెలియాల్సిన పని లేదు.

జడ్చర్ల_రాజు
అదే కదా నేనూ చెప్పింది. నా పద్ధతిలోనూ 1,50,000 వస్తుంది. ఎంట్రీ ఒకటి తక్కువ.

పాలమూరు_సుధ
వస్తుంది, మీరే ఎక్కిస్తే. నేను మహబూబ్‌నగర్‌లో పైపులు, మోటార్ల డీలర్ దగ్గర అకౌంట్స్ చూస్తా. మార్చిలో మేం ఇలాంటివి చాలా రాస్తాం: కరెంటు, ఫోను, గోదాం హమాలీ, లారీ కిరాయి, వాచ్‌మన్ ఏజెన్సీ. వాటి బిల్లులు ఏప్రిల్లో కొన్ని, మేలో కొన్ని, ఒకటి అర జూన్‌లో వస్తాయి. ఎక్కించేది ఇద్దరు ముగ్గురు. ప్రతి బిల్లు తీసినప్పుడల్లా పాత లిస్టు వెతికి ఇందులో ఎంత మార్చిది అని విడగొట్టమంటే ఒకటైనా జారిపోతుంది. రివర్సల్ అయితే ఏప్రిల్ 1న ఒక్కసారి కూర్చుని మొత్తం తిరగేస్తే అయిపోయింది.

ఇంకో చిక్కు, రెండు పద్ధతులూ కలిపేయడం. మా దగ్గర జరిగింది. నేను 1వ తేదీన తిరగేశా. తర్వాత వచ్చిన కొత్త అబ్బాయి రాజు గారిలా తెలివైనవాడు, బిల్లును విడగొట్టి పాత వాటాను మళ్లీ బాకీ ఖాతాలో రాశాడు.

వనపర్తి_బీకామ్
అప్పుడేమైతది అక్కా? రెండు సార్లు తీసేసినట్టా?

పాలమూరు_సుధ
@వనపర్తి_బీకామ్ ఈ మిల్లు అంకెలతోనే చూడు. ఖర్చు ఖాతాలో ముందే మైనస్ 36,000 ఉంది. బిల్లులో 1,50,000 మాత్రమే ఖర్చులో రాశాడు. మిగిలేది 1,14,000. కొత్త సంవత్సరం ఖర్చు 36,000 తక్కువ, లాభం అంత ఎక్కువ. బాకీ ఖాతా ఏమో 36,000 డెబిట్‌లో తేలుతుంది. చెల్లించాల్సిన ఖర్చులు అన్న ఖాతాకు డెబిట్ నిల్వ ఎక్కడైనా ఉంటుందా? అది కనిపించిందంటే రెండుసార్లు తిరగేశారని అర్థం.

జడ్చర్ల_రాజు
తెలివైనవాడు అన్నందుకు థాంక్స్ 😀 సరే, ఎక్కించేవాళ్లు ఎక్కువుంటే రివర్సలే మేలు. నా దగ్గర నేనొక్కడినే. నేను మార్చను.

సూర్యాపేట_రిటైర్డ్
ఇది ఖర్చులకే అనుకుంటున్నారేమో. ఆదాయానికీ ఇదే గొడవ. మేం నలుగురం కలిసి నడిపే ఒక సొసైటీకి బ్యాంకులో డిపాజిట్ ఉంది. మార్చి 31 వరకు పెరిగిన వడ్డీ 42,000 ఆదాయంగా రాశాం. జూన్‌లో గడువు తీరి బ్యాంకు 56,000 వడ్డీ వేసింది. రాసేవాడు 56,000 మొత్తం ఆ సంవత్సరం ఆదాయంలో పెట్టాడు. నిజానికి ఆ ఏడాదికి చెందింది 14,000. మిగతా 42,000 మీద ఇంకోసారి టాక్స్ లెక్క పడింది. రాబడి అని కాగితం మీద రెండుసార్లు ఉంది, బ్యాంకులో ఒకసారే ఉంది.

కోదాడ_చలం
పెద్దాయనా, ఖర్చు రెండుసార్లు రాస్తే టాక్స్ తగ్గుద్ది, ఆదాయం రెండుసార్లు రాస్తే పెరుగుద్ది. మొదటిది రాసినోడు తెలివైనోడు, రెండోది రాసినోడు దేశభక్తుడు.

ఆడిట్_అన్న_నల్గొండ
చలం, మొదటిది రాసినోడికి నోటీసు వస్తే ఆ తెలివి నా ఆఫీసుకే వస్తుంది.

మిల్లు_గుమాస్తా
కరెంటు క్లియర్. ఇన్సూరెన్స్ చెప్పండి. అక్టోబర్ 1న ఏడాదికి 1,20,000 కట్టాం. మార్చి 31న 60,000 ప్రీపెయిడ్‌కు తీసుకెళ్లాం. ఇది తిరగెయ్యకపోతే ఇదీ రెండుసార్లు ఖర్చయినట్టేనా?

వనపర్తి_బీకామ్
అవును కదా, అదే రూలు. అక్రూవల్, ప్రీపెయిడ్ రెండూ డబుల్ అవుతాయని మా క్లాసులో చెప్పిన్రు.

ఆడిట్_అన్న_నల్గొండ
సగం కరెక్టు తమ్మీ. ప్రీపెయిడ్‌లో తిరగెయ్యడం మరిచిపోతే జరిగేది దానికి ఉల్టా. బిల్లు పోయిన అక్టోబర్‌లోనే వచ్చేసింది, పైసలు కట్టేశారు. కొత్త సంవత్సరంలో ఇంకో బిల్లు వచ్చి గుర్తు చేసేది లేదు. 60,000 ప్రీపెయిడ్ ఖాతాలో ఆస్తిలా పడుకుని ఉంటుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా మిల్లుకు బీమా ఉంది, కానీ ఖర్చు ఎక్కడా రాలేదు. అంటే ఒక్కసారి కూడా లెక్కకు రాదు. లాభం 60,000 ఎక్కువ కనిపిస్తుంది. సెప్టెంబర్ 30న పాలసీ అయిపోయినా ఆ ఆస్తి అక్కడే ఉంటుంది. అయిపోయిన పాలసీకి విలువేముంది?

1-4న ఇన్సూరెన్స్ డెబిట్, ప్రీపెయిడ్ క్రెడిట్ 60,000 వేస్తే ఆ సగం కొత్త సంవత్సరం ఖర్చులోకి వస్తుంది.

పాలమూరు_సుధ
ప్రీపెయిడ్‌లో డబుల్ అయ్యే దారి కూడా ఒకటుంది అన్నా. మా ఓనర్ ప్రతి నెలా లాభనష్టాలు చూస్తారు. 1వ తేదీన 60,000 తిరగేస్తే ఆరు నెలల ఇన్సూరెన్స్ అంతా ఏప్రిల్ నెత్తిన పడుతుంది, "ఏప్రిల్లో ఎందుకింత తగ్గింది" అని అడుగుతారు. అందుకే మేం ప్రీపెయిడ్‌ను తిరగెయ్యం. నెలకు 10,000 చొప్పున సెప్టెంబర్ దాకా ఖర్చులోకి తీసుకెళ్తాం. ఒకసారి ఆడిట్ నుంచి వచ్చిన పిల్లలు అది చూడకుండా 1-4న మొత్తం తిరగేశారు. నెలనెలా ఎంట్రీలు కూడా నడుస్తూనే ఉన్నాయి. సెప్టెంబర్‌కు ఖర్చు 1,20,000, ప్రీపెయిడ్ ఖాతా 60,000 మైనస్‌లో. ఏదో ఒక పద్ధతి పట్టుకోవాలి, రెండూ వద్దు.

జడ్చర్ల_రాజు
షాపు అడ్వాన్స్ కూడా ప్రీపెయిడే కదా. మూడు నెలల కిరాయి అడ్వాన్స్ ఇచ్చినం. అది కూడా ఏప్రిల్ 1న ఖర్చులోకి తేవాలా?

ఆడిట్_అన్న_నల్గొండ
ఖాళీ చేసినప్పుడు తిరిగిచ్చే అడ్వాన్స్ అయితే అది డిపాజిట్. ఏ నెల కిరాయికీ సర్దేది కాదు కాబట్టి తిరగెయ్యకూడదు. ఏప్రిల్, మే కిరాయి ముందే కట్టారంటే అది ప్రీపెయిడ్. పేరు అడ్వాన్స్ అని ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు, అగ్రిమెంట్ తీసి చూడండి.

మిల్లు_గుమాస్తా
ట్యాలీలో Reversing Journal అని ఒకటి ఉంది కదా. 31-3న దాంట్లో వేస్తే 1-4న అదే తిరగబడుతుందని పక్క మిల్లాయన చెప్పిండు. అట్లయితే చేత్తో రెండో ఎంట్రీ వేసే బాధ తప్పుతది.

పాలమూరు_సుధ
వద్దు వద్దు. పేరు చూసి మోసపోయేది అక్కడే. ఆ వోచర్ అసలు పుస్తకాల్లోకి ఎక్కదు. సినారియో పెట్టుకుని రిపోర్టు చూస్తేనే కనిపిస్తుంది, Applicable upto లో ఇచ్చిన తేదీ వరకే. నెల మధ్యలో "బిల్లులన్నీ వస్తే లాభం ఎంత ఉండొచ్చు" అని అంచనా చూసుకోవడానికి పనికొస్తుంది. సంవత్సరాంతానికి అది వేస్తే మీ బ్యాలెన్స్ షీట్‌లో 36,000 ఉండనే ఉండదు. మామూలు జర్నల్ 31-3న ఒకటి, 1-4న ఇంకోటి, ఇదే దారి.

దేవరకొండ_ట్రేడర్స్
ఇప్పుడు అర్థమైంది విషయం. మరి జీఎస్టీ ఉన్న బిల్లులకు? మార్చి 31న ప్రొవిజన్ రాసేటప్పుడు ఇన్‌పుట్ కూడా రాసుకోవచ్చా?

ఆడిట్_అన్న_నల్గొండ
ఇన్‌వాయిస్ చేతికి రాకుండా ఇన్‌పుట్ తీసుకోకూడదు. ప్రొవిజన్‌లో టాక్స్ లేని మొత్తమే రాయండి, తిరగేసేదీ అంతే. బిల్లు వచ్చాక టాక్స్ విడిగా రాస్తారు, అప్పుడు ఖర్చు ఖాతాలో లెక్క సరిపోతుంది. టాక్స్‌తో కలిపి ప్రొవిజన్ రాస్తే తిరగేసినప్పుడు అంత ఎక్కువ మైనస్ వచ్చి చివర్లో తేడా మిగిలిపోతుంది.

మిల్లు_గుమాస్తా
హమాలీ కాంట్రాక్టర్‌కు మార్చి పని 80,000 కూడా ప్రొవిజన్ రాశాం. దానికి టీడీఎస్ కట్ చెయ్యాలా? బిల్లు రాలేదు కదా.

ఆడిట్_అన్న_నల్గొండ
టీడీఎస్‌కు బిల్లుతో పని లేదు. పైసలు ఇవ్వడం, ఖాతాలో జమ రాయడం, ఏది ముందైతే అప్పుడు కట్ చెయ్యాలి. పార్టీ పేరు కాకుండా "ప్రొవిజన్" అనో "సస్పెన్స్" అనో రాసినా జమ రాసినట్టే. కాంట్రాక్టర్ ఒక్క మనిషి పేరు మీద ఉంటే 1 శాతం, 800. మార్చిది ఏప్రిల్ 30 లోపు కట్టాలి.

ఇప్పుడు 1-4న తిరగేసేటప్పుడు జాగ్రత్త. 80,000 ప్రొవిజన్ తిరగెయ్యండి, కానీ కట్టాల్సిన 800 టీడీఎస్‌ను ముట్టుకోవద్దు, అది ప్రభుత్వానిది. మార్చిలో జమ రాసింది పార్టీ ఖాతాకైతే ఆ 800 అక్కడే డెబిట్‌లో ఉంటుంది. ప్రొవిజన్ ఖాతాలో రాసుంటే దాన్ని పార్టీ ఖాతాకు మార్చుకోండి. మేలో బిల్లు 80,000 ఎక్కించినప్పుడు మళ్లీ టీడీఎస్ కట్ చెయ్యకుండా 79,200 ఇవ్వాలి. సాఫ్ట్‌వేర్ బిల్లు చూడగానే దానంతటదే ఇంకో 800 కట్ చేస్తుంది. పాపం కాంట్రాక్టర్ వచ్చి మీ మీద పడతాడు.

జడ్చర్ల_రాజు
ఎవరికి ఎంతివ్వాలో తేలకుండా టోకున రాసిన ప్రొవిజన్‌కు టీడీఎస్ లేదని కొన్ని ట్రిబ్యునల్ తీర్పులున్నాయి.

ఆడిట్_అన్న_నల్గొండ
ఉన్నాయి, వాటికి ఎదురు వాదనలూ ఉన్నాయి. కానీ ఇక్కడ కాంట్రాక్టర్ ఎవరో తెలుసు, 80,000 అనీ తెలుసు. ఆ తీర్పులు ఇక్కడ ఆదుకోవు.

వనపర్తి_బీకామ్
36,000 అంచనా తప్పయితే? మార్చిలో మిల్లు ఎక్కువ ఆడి అసలు 41,000 అయి ఉంటే?

పాలమూరు_సుధ
బిల్లు మొత్తం ఎక్కిస్తారు కాబట్టి ఆ 5,000 కొత్త సంవత్సరం ఖర్చులో పడుతుంది. అంతే. అప్పటికి తెలిసినదాన్ని బట్టి వేసిన అంచనాలో తేడా కాబట్టి పాత సంవత్సరం పుస్తకాలు తెరవనక్కర్లేదు. మిల్లుకైతే సగటు కాకుండా 31 రాత్రి మీటర్ ఫోటో తీసి పెట్టుకుంటే ఆ తేడా కూడా బాగా తగ్గుతుంది.

మిల్లు_గుమాస్తా
మీటర్ ఫోటో సంగతి బాగుంది. మరి అన్నీ తిరగేశామో లేదో ఎట్లా చూసుకోవాలి?

ఆడిట్_అన్న_నల్గొండ
ఏప్రిల్ 1 తేదీతో చెల్లించాల్సిన ఖర్చుల లెడ్జర్ తెరవండి. కావాలని తిరగెయ్యకుండా ఉంచినవి తప్ప ఏమీ ఉండకూడదు. ప్రీపెయిడ్ కూడా అంతే, నెలనెలా తగ్గించేవాళ్లకు తప్ప. తర్వాత వచ్చే మార్చిలో కరెంటు లెడ్జర్ చూస్తే పన్నెండు నెలల ఖర్చు ఉండాలి. రోజుల లెక్కన చూస్తే 371 రోజులది కనిపిస్తే ఆ ఆరు రోజులు ఎక్కడివో మీకే తెలుస్తుంది.

అసలు ప్రమాదం ఏప్రిల్లో కాదు, సెప్టెంబర్‌లో. ఆడిట్ చివర్లో మేం "మార్చి లారీ కిరాయి ఇంకో 25,000 రాయలేదు" అని 31-3 తేదీతో ఎంట్రీ వేయిస్తాం. అప్పటికి ఆ బిల్లు మేలోనే మీ పుస్తకాల్లో మొత్తం ఎక్కి ఉంటుంది. దానికి 1-4 రివర్సల్ వెయ్యాలని ఎవరికీ గుర్తుండదు, మా వాళ్లు కూడా చెప్పరు. నేను చూసిన డబుల్ ఖర్చుల్లో ఎక్కువ ఇలాంటివే. ఆడిటర్ ఇచ్చిన ప్రతి 31-3 ఎంట్రీకి పక్కనే "తిరగెయ్యాలా, వద్దా" అని రాయించుకోండి.

సూర్యాపేట_రిటైర్డ్
అన్నిటికీ తిరగెయ్యాలంటే తరుగుదల కూడా తిరగేస్తారా అని మా సెక్రటరీ అడిగాడు. యంత్రం మళ్లీ కొత్తదైపోతుందన్నమాట!

ఆడిట్_అన్న_నల్గొండ
తరుగుదల, గ్రాట్యుటీ, రాని బాకీల ప్రొవిజన్ తిరగెయ్యరు. వాటికి ఏప్రిల్లో వచ్చే బిల్లు లేదు, ఇంకోసారి లెక్కకు వచ్చే దారీ లేదు.

పాలమూరు_సుధ
ఆడిట్ ఫీజు మాత్రం నేను తిరగెయ్యను. బిల్లు సెప్టెంబర్‌లో వస్తుంది, అప్పటిదాకా ఐదు నెలలు ఆ ఖాతా మైనస్‌లో వేలాడుతుంది, నెలవారీ రిపోర్టు పాడవుతుంది.

ఆడిట్_అన్న_నల్గొండ
నేనైతే అదీ తిరగేయిస్తా. లేకపోతే సెప్టెంబర్‌లో మా బిల్లును ఎవరో ఒకరు ఖర్చులోకే కొడతారు.

పాలమూరు_సుధ
మీ బిల్లు ఒక్కటే కదన్నా, నేనే ఎక్కిస్తా. దానికి రాజు గారి పద్ధతే.

జడ్చర్ల_రాజు
గెలిచినం.

మిల్లు_గుమాస్తా
1,86,000 ఇప్పుడే ఎక్కించా, కరెంటు ఖాతా 1,50,000 డెబిట్ చూపిస్తోంది. హమాలీది చూస్తే టీడీఎస్ 800 కూడా తిరగేసి ఉంది, దాన్ని సరిచేస్తున్నా. ఆడిట్ ఫీజుకు మా ఆడిటర్ గారినే అడుగుతా, ఆయన బిల్లే కాబట్టి.